ఒకే బేరింగు, రెండు ఖాతాలు: లేత్ వర్క్‌షాప్‌లో క్యాపిటల్ ఖర్చు, రెవెన్యూ ఖర్చు

ఒక చిన్న వర్క్‌షాప్‌లో లేత్ మిషన్ స్పిండిల్ బేరింగులు రెండుసార్లు మార్చారు. రెండుసార్లూ అదే మెకానిక్, అదే సైజు బేరింగులు, బిల్లు కూడా అదే పదకొండు వేలు. మొదటి బిల్లును ఆడిటర్ గారు మిషన్ ధరలో కలిపేశారు. రెండోదాన్ని మాత్రం ఆ ఏడాది రిపేర్ల ఖర్చులో రాశారు. బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే యజమానికి ఇది తప్పులాగే కనిపిస్తుంది. కానీ రెండు ఎంట్రీలూ కరెక్టే. ఎందుకు కరెక్టో అర్థమైతే క్యాపిటల్ ఖర్చుకీ రెవెన్యూ ఖర్చుకీ మధ్య గీత ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

పుస్తకాల్లో ఈ రెంటినీ మూలధన వ్యయం, రెవెన్యూ వ్యయం అంటారు. రెవెన్యూ ఖర్చు మొత్తం ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలోకే పోతుంది. టర్నర్ జీతం, కరెంటు బిల్లు, కూలెంట్ ఆయిల్, షెడ్డు అద్దె అన్నీ ఇందులోవే. ఖర్చయిన రూపాయి అదే ఏడాది లాభాన్ని రూపాయి తగ్గిస్తుంది. క్యాపిటల్ ఖర్చు అలా కాదు. అది ముందు ఆస్తిగా బ్యాలెన్స్ షీట్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి ఏటా కొంత తరుగుదల పేరుతో లాభనష్టాల ఖాతాలోకి దిగుతుంది. ఆదాయపు పన్ను లెక్కలో మామూలు యంత్రాలకు ఈ తరుగుదల ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం. అంటే చివరికి రెండూ ఖర్చులే. ఏ ఏడాది లాభాన్ని ఏది ఎంత తగ్గిస్తుందన్నదే తేడా.

"ఎక్కువ కాలం పనికొచ్చేది క్యాపిటల్, వెంటనే అయిపోయేది రెవెన్యూ" అని పాఠ్యపుస్తకాలు చెప్పే మాట మొదటి అడుగుకు సరిపోతుంది. కానీ దాన్నే పట్టుకుంటే పైన చెప్పిన బేరింగుల దగ్గరే ఆగిపోతాం. ఆ బేరింగులు రెండుసార్లూ ఏళ్ల తరబడి పనిచేసేవే కదా. పెద్ద మొత్తమైతే క్యాపిటల్ అనే లెక్క ఇంకా బలహీనం. ఏడాది కరెంటు బిల్లు లేత్ ధరను దాటిపోయినా అది రెవెన్యూ ఖర్చే. అసలు అడగాల్సింది ఆ డబ్బు మిషన్‌కి ఏం చేసిందని. మిషన్‌ని తెచ్చి పనికి సిద్ధం చేసిందా, ఉన్న మిషన్‌ని ముందుకంటే మెరుగు చేసిందా, లేక ఉన్నదాన్ని ఉన్నట్టుగా నడిపిందా? మొదటి రెండూ క్యాపిటల్, మూడోది రెవెన్యూ.

మిషన్ వచ్చిన నెల

ఒక లెక్క వేసుకుందాం. బాలానగర్‌లాంటి చోట ఇద్దరు భాగస్వాములు అద్దె షెడ్డులో జాబ్ వర్క్ చేస్తున్నారనుకోండి. మే నెలలో ఒక సెకండ్‌హ్యాండ్ లేత్ కొన్నారు, ఆరడుగుల బెడ్, ధర 2,40,000 రూపాయలు. అమ్మింది రిజిస్ట్రేషన్ లేని చిన్న యజమాని కాబట్టి జీఎస్టీ లేదు. లారీ కిరాయి, క్రేన్ ఖర్చు 13,000. కాంక్రీట్ ఫౌండేషన్ వేసి, బోల్టులు గ్రౌటింగ్ చేయించి, లెవెల్ పెట్టించడానికి 17,000. త్రీ ఫేజ్ కేబుల్, స్టార్టర్, ప్యానెల్ బోర్డు కలిపి 16,000.

బిగించి తిప్పి చూస్తే చక్ దగ్గర డయల్ గేజ్ ముల్లు ఊగుతోంది. టెస్ట్ కోసం ఒక రాడ్ తిప్పితే ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా టేపర్ వస్తోంది. స్పిండిల్ బేరింగులు పోయాయి, బెడ్ కూడా అరిగింది. బేరింగులకు 11,000, బెడ్ స్క్రేపింగ్‌కి 21,000 అయ్యాయి. ఇదంతా పూర్తయ్యేసరికి నెల పట్టింది. మిషన్ కోసం తీసుకున్న లోను మీద ఆ నెల వడ్డీ 2,000. జూన్‌లో మొదటి జాబ్ ఎక్కింది.

లేత్ ధర పుస్తకాల్లో 2,40,000 కాదు, 3,20,000. లారీ దగ్గర్నుంచి స్క్రేపింగ్ దాకా ప్రతి రూపాయీ ఆ మిషన్‌ని పని చేసే స్థితికి తేవడానికే పోయింది. ఆ 2,40,000 అన్నది అరిగిపోయిన మిషన్ ధర. బెడ్డూ బేరింగులూ బాగుంటే అమ్మినవాడు ఆ రేటుకి ఇచ్చేవాడా? రిపేరు ఖర్చును కొన్నవాడి నెత్తిన వేసి, ఆ మేరకు ధర తగ్గించాడు. కాబట్టి పనిలోకి దిగకముందు చేసిన రిపేరు నిజానికి కొనుగోలు ధరలో ఆలస్యంగా కట్టిన భాగమే. మొదటి బేరింగుల బిల్లు ఆస్తిలోకి వెళ్లింది ఇందుకే. రెండేళ్లు పని చేసి అరిగాక మార్చిన బేరింగులు మిషన్‌ని మళ్లీ మామూలు స్థితికి తెచ్చాయి, అంతకుమించి ఏమీ చేయలేదు. అందుకే ఆ బిల్లు ఖర్చు.

వడ్డీకి కూడా ఇదే గీత ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. ఆస్తి కొనడానికి తెచ్చిన అప్పు మీద, ఆ ఆస్తి వాడకంలోకి వచ్చే రోజు వరకు పడిన వడ్డీని ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు, అది మిషన్ ధరలో కలుస్తుంది. వాడకం మొదలయ్యాక పడే వడ్డీ మామూలు ఖర్చు. జూన్ జాబ్ కార్డు, ఆ తేదీ కరెంటు రీడింగ్ లాంటివి దాచుకొమ్మని ఆడిటర్లు అడిగేది ఈ రోజును చూపించడానికే. ఆ తేదీతో ఇంకో పని కూడా ఉంది. ఆ ఆర్థిక సంవత్సరంలో కొన్న మిషన్ వాడకం 180 రోజులకు తగ్గితే మొదటి ఏడాది తరుగుదల సగమే, అంటే ఏడున్నర శాతమే వస్తుంది. బిల్లు ఆగస్టుదే అయినా మిషన్ మూలన పడి ఉండి డిసెంబరులో తిరగడం మొదలైతే లెక్కలోకొచ్చేది డిసెంబరే.

సొంత మనుషుల చేత బిగింపు చేయిస్తే వాళ్ల ఆ రోజుల జీతం కూడా మిషన్ ధరలో చేరాలి. ఇది దాదాపు ఎవరూ రాయరు. ఫిట్టర్‌కి నెల జీతం ఎలాగూ ఇస్తున్నాం కదా అని వదిలేస్తారు. నాలుగైదు రోజుల పనైతే వదిలేసినా పెద్ద నష్టం లేదు గానీ, ఒక నెలంతా ఇద్దరు మనుషులు అదే పని మీదుంటే రాయడమే సబబు.

ధరలో కలవనివీ కొన్ని ఉన్నాయి. కొత్త మిషన్ మీద టర్నర్‌కి ఇప్పించిన ట్రైనింగ్ ఫీజు రెవెన్యూ ఖర్చే. ఎందుకంటే ట్రైనింగ్ మనిషికి, మిషన్‌కి కాదు, ఆ మనిషి రేపు పక్క షెడ్డులో చేరొచ్చు. మిషన్ పూజ రోజు గుమ్మడికాయ, కొబ్బరికాయలు, స్వీట్లు కూడా ఆ ఏడాది ఖర్చే. ఇన్సూరెన్స్ రెండు రకాలు. లారీలో వచ్చేటప్పటి ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ మిషన్ ధరలోకి వెళ్తుంది. షెడ్డులో కూర్చున్నాక ఏటా కట్టే ప్రీమియం ఖర్చులోకి వెళ్తుంది.

సెకండ్‌హ్యాండ్ మిషన్ల బేరాల్లో ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి బిల్లు రాసుకునేటప్పుడు ఎవరూ ఆలోచించరు. ఆస్తి కొనడానికి ఒక మనిషికి ఒక రోజులో పది వేలకు మించి నగదు ఇస్తే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ చెల్లింపు ఆస్తి ధరలోకి రాదు. పై ఉదాహరణలో 2,40,000 మొత్తం ఒకేసారి నోట్లుగా ఇచ్చి ఉంటే, పన్ను లెక్కలో మిషన్ ధరలోకి ఆ 2,40,000 అసలు రాదు. మొదటి ఏడాది 36,000 తరుగుదల పోతుంది, ఆ తర్వాత ఏళ్లదీ పోతుంది. రెవెన్యూ ఖర్చుల్లోనూ ఇదే పది వేల పరిమితి ఉంది, దాటితే ఆ ఖర్చు ఒప్పుకోరు. కాకపోతే అక్కడ పోయేది ఒక బిల్లు, ఇక్కడ పోయేది ఒక మిషన్.

కొత్త మిషన్ రిజిస్టర్డ్ డీలర్ దగ్గర కొంటే జీఎస్టీ సంగతి చూసుకోవాలి. నాలుగు లక్షల మిషన్ మీద 18 శాతం, అంటే 72,000 పన్ను పడితే, దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, లేదా మిషన్ ధరలో కలిపి తరుగుదల తీసుకోవచ్చు. రెండూ కుదరవు. జీఎస్టీలో రిజిస్టర్ అయిన వర్క్‌షాప్‌కి క్రెడిట్ తీసుకోవడమే లాభం. అప్పుడు పుస్తకాల్లో మిషన్ ధర నాలుగు లక్షలే.

తప్పు రాస్తే ఏమవుతుంది

అదే లేత్‌కి ధర 2,40,000 అని రాసి, మిగతా 80,000 ఆ ఏడాది ఖర్చుల్లో పడేశారనుకుందాం. చిన్న షాపుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. లారీ బిల్లు రవాణా ఖాతాలోకి, ఫౌండేషన్ బిల్డింగ్ రిపేర్లలోకి, బేరింగులు మిషన్ రిపేర్లలోకి పోతాయి. ఎవరూ కావాలని చేయరు, ప్రతి బిల్లూ విడివిడిగా చూస్తే అక్కడే కరెక్టుగా కనిపిస్తుంది.

సరిగ్గా రాస్తే మొదటి ఏడాది లాభాన్ని తగ్గించేది 3,20,000 మీద 15 శాతం, అంటే 48,000. తప్పుగా రాస్తే 80,000 ఖర్చుకు 2,40,000 మీద తరుగుదల 36,000 తోడై మొత్తం 1,16,000 అవుతుంది. ఆ ఏడాది లాభం 68,000 తక్కువగా కనిపిస్తుంది. రెండో ఏడాది నుంచి కథ తిరగబడుతుంది. సరైన లెక్కలో తరుగుదల 40,800, తప్పు లెక్కలో 30,600. ఈసారి తప్పు లెక్కలోనే లాభం 10,200 ఎక్కువగా కనిపిస్తుంది.

మొదటి ఏడాది పన్ను తగ్గింది కదా, మంచిదే కదా అనిపించొచ్చు. రిటర్న్ స్క్రూటినీలోకి వెళ్తే అధికారి మొదట తెరిచేది రిపేర్ల లెడ్జరే. గత ఏడాది 25,000 ఉన్న రిపేర్లు, కొత్త మిషన్ కొన్న ఏడాదే లక్ష దాటితే అది కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ బిల్లుల తేదీలు మిషన్ వచ్చిన నెలలోనే ఉంటే ఇక చెప్పడానికి ఏమీ ఉండదు.

మోటారు కాలిపోయినప్పుడు

అసలు చిక్కు ఉండేది కొనేటప్పుడు కాదు, ఏళ్లు గడిచాక రిపేర్లు వచ్చినప్పుడు. లేత్‌కి ఉన్న 3 హెచ్‌పీ మోటారు వోల్టేజీ తేడాకి కాలిపోయిందనుకోండి. యజమాని ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, వైండింగ్ చేయించడం. నాలుగున్నర వేలతో అయిపోతుంది. ఇది రెవెన్యూ ఖర్చని ఎవరైనా ఒప్పుకుంటారు.

రెండోది, వైండింగ్ మీద నమ్మకం లేక అదే 3 హెచ్‌పీలో కొత్త మోటారు 13,000 పెట్టి బిగించడం. ఇక్కడ చాలామంది తడబడతారు. కొత్త వస్తువు వచ్చింది, గ్యారంటీ కార్డు కూడా ఉంది, కాబట్టి ఆస్తి అనుకుంటారు. కానీ వర్క్‌షాప్‌లో ఆస్తి లేత్, మోటారు అందులో ఒక భాగం. ఆ మోటారు ఒక్కటీ బల్ల మీద పెట్టి తిప్పితే షాఫ్టు తయారు కాదు. మోటారు మారాక లేత్ నిన్నటి స్పీడుతో, నిన్నటంత లోతు కోతే కోస్తోంది. కాబట్టి ఇది రిపేరు, మొత్తం ఆ ఏడాది ఖర్చే. కొత్త మోటారు పాతదానికంటే కాస్త కరెంటు తక్కువ తాగినా నా దృష్టిలో లెక్క మారదు. పాత మోడల్ మార్కెట్లో దొరకక ఇప్పుడొస్తున్నది పెట్టుకున్నంత మాత్రాన మిషన్‌ని అప్‌గ్రేడ్ చేసినట్టు కాదు.

మూడోది, ఎలాగూ మోటారు మారుస్తున్నాం కదా అని 5 హెచ్‌పీ మోటారు, దానికి వీఎఫ్‌డీ డ్రైవ్ బిగించి 34,000 పెట్టడం. ఇప్పుడు స్పీడు నాబ్ తిప్పి మార్చుకోవచ్చు. ఇదివరకు రెండు కోతల్లో తీసే లోతు ఒకే కోతలో తీయొచ్చు, ముందు వద్దన్న లావు షాఫ్టుల జాబ్ ఒప్పుకోవచ్చు. లేత్‌కి లేని సామర్థ్యం వచ్చింది, కాబట్టి ఇది క్యాపిటల్. కాలిపోయిన మోటారు పెట్టిన ఖర్చు కదా, కనీసం 13,000 అయినా రిపేరుగా రాసుకోకూడదా అని అడిగేవాళ్లున్నారు. చేసింది ఒకే పని, అది మెరుగుపరచడం. పెట్టకుండా మిగిలిపోయిన మోటారు ధరను ఖర్చుగా రాసుకోవడానికి దారి లేదు.

మోటారు లాంటి భాగం ఎక్కడ ఆగుతుంది, మిషన్ ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. శరవణ స్పిన్నింగ్ మిల్స్ కేసులో ఒక నూలు మిల్లు పాత రింగ్ ఫ్రేమ్ తీసేసి కొత్తది పెట్టుకుంది. మిల్లంతా ఒకే యంత్రం, రింగ్ ఫ్రేమ్ అందులో ఒక భాగం, కాబట్టి మా ఖర్చు రిపేరే అని వాదించింది. 2007లో కోర్టు ఒప్పుకోలేదు. మిల్లులో ప్రతి యంత్రం తన పని తాను విడిగా చేసేదే, రింగ్ ఫ్రేమ్ కూడా అంతే, దాన్ని మొత్తంగా మార్చడం 'కరెంట్ రిపేర్స్' కిందకి రాదు అంది. ఈ తీర్పును మన షెడ్డులోకి తెచ్చుకుంటే, వర్క్‌షాప్‌లో లేత్, డ్రిల్లింగ్ మిషన్, వెల్డింగ్ సెట్ వేటికవే విడి ఆస్తులు. లేత్‌లో బేరింగు, మోటారు, గేర్ మారిస్తే అది లేత్ రిపేరు. డ్రిల్లింగ్ మిషన్‌ని పూర్తిగా తీసేసి ఇంకోటి పెట్టి "వర్క్‌షాప్ రిపేరు" అని రాస్తే చెల్లదు.

ఆదాయపు పన్ను చట్టంలో ఈ 'కరెంట్ రిపేర్స్' మాట 1961 చట్టం సెక్షన్ 31లో ఉండేది. క్యాపిటల్ స్వభావమున్న ఖర్చు రిపేర్ల పేరుతో రాకూడదని దానికి వివరణ కూడా చేర్చారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కానీ విభజన పాతదే.

ఏళ్ల తరబడి వాయిదా వేసి ఒకేసారి చేసే పెద్ద రిపేర్ల దగ్గర నిజంగా అభిప్రాయ భేదాలు వస్తాయి. లేత్‌ని పూర్తిగా విప్పి, బెడ్ గ్రైండింగ్ చేయించి, గేర్లు, లీడ్ స్క్రూ, బేరింగులు అన్నీ మార్చి రంగు వేయిస్తే లక్షన్నర అయిందనుకోండి. ప్రతి భాగం విడిగా చూస్తే రిపేరే. మొత్తం చూస్తే మిషన్‌కి ఇంకో పదేళ్ల ఆయుష్షు వచ్చింది. ఇక్కడ నేను చూసేది రెండు సంగతులు. మిషన్ కొన్నప్పటి పనితీరుకి తిరిగొచ్చిందా, దాన్ని దాటిందా అన్నది ఒకటి. చేయించకముందు అది తక్కువ నాణ్యతతోనైనా పనిచేస్తూ ఉందా, లేక పూర్తిగా పక్కన పడేసిన ఇనుమా అన్నది రెండోది. నడుస్తున్న మిషన్‌ని పాత స్థితికి తెచ్చుకుంటే మొత్తం పెద్దదైనా రిపేరు వైపే మొగ్గుతాను. మూలన తుప్పు పట్టిన మిషన్‌ని బతికిస్తే అది కొత్త మిషన్ కొన్నట్టే. మెకానిక్ చేత పని మొదలయ్యేముందు మిషన్‌లో లోపాలేంటో ఒక కాగితం మీద రాయించి పెట్టుకుంటే, తర్వాత ఎవరు అడిగినా ఆ కాగితమే మాట్లాడుతుంది. "మిషన్ ఓవర్‌హాలింగ్ చార్జెస్ 1,50,000" అని ఒక్క లైనున్న బిల్లు ఏ వైపూ నిలబడదు.

చిన్న పనిముట్ల సంగతి ఇంత తలనొప్పి కాదు. డ్రిల్ బిట్లు, కార్బైడ్ ఇన్సర్టులు, ఎమరీ, బెల్టులు ఖర్చే. కానీ ఇరవై వేల చక్, మంచి మైక్రోమీటర్ సెట్టు ఏళ్ల తరబడి ఉంటాయి. నియమం ప్రకారం ఆస్తులు. కంపెనీలు పాటించే ఏఎస్ 10 అనే అకౌంటింగ్ ప్రమాణం ఇంత మొత్తం దాటితేనే ఆస్తి అని అంకె చెప్పదు. ఒక్కొక్కటిగా చిన్నవైన డైలు, మోల్డులు, టూల్స్‌ని గుంపుగా ఒక ఆస్తిగా చూడొచ్చని మాత్రం అంటుంది. అందుకని షాపు తనకు తగ్గ పరిమితి ఒకటి పెట్టుకుని ఏటా అదే పాటించడం మామూలు. లాభం ఎక్కువొచ్చిన ఏడాది ఒక పరిమితి, తక్కువొచ్చిన ఏడాది ఇంకో పరిమితి పెట్టుకుంటేనే గొడవ.

ఎదురు దిక్కు తప్పు

ఖర్చును ఆస్తిగా చూపించే తప్పు చాలావరకు బ్యాంకు లోను అడిగే ఏడాది కనిపిస్తుంది. లాభం బాగుండాలి, ఆస్తులు ఎక్కువుండాలి. రెండోసారి బేరింగులకు పోయిన 11,000 మిషన్ ధరలో కలిపేస్తే, ఆ ఏడాది లాభాన్ని తగ్గించేది 1,650 మాత్రమే. మిగతా 9,350 లాభంగా కనిపిస్తుంది. ఒక్క బిల్లుతో పోయేదేమీ లేదు. ఏడాది పొడవునా వైండింగులు, గేర్లు, స్క్రేపింగులు అన్నీ ఇలాగే కలుపుతూ పోతే, పుస్తకాల్లో మిషన్ ఏటేటా ఖరీదైనదవుతుంది, షెడ్డులో ఏటేటా పాతదవుతుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. ట్యాలీలో `Fixed Assets` గ్రూపు కింద లేత్ లెడ్జర్ తెరిచి చూడండి. కొన్న ఏడాది తర్వాత దాంట్లో డెబిట్ పడితే, ఆ తేదీన షెడ్డులోకి కొత్తగా ఏం వచ్చిందో, లేత్‌కి కొత్తగా ఏ పని చేతనైందో ఎవరైనా చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది `Repairs & Maintenance` లో ఉండాల్సిన బిల్లు. అలాగే ఆ రిపేర్ల లెడ్జర్‌లో మిగతా వాటికంటే బాగా పెద్దగా ఉన్న రెండు మూడు ఎంట్రీలు తీసి ఇదే ప్రశ్న తిప్పి అడిగితే మొదటి రకం తప్పు కూడా దొరుకుతుంది. సంవత్సరాంతంలో వోచర్లన్నీ తిరగేయనక్కర్లేదు, ఈ రెండు లెడ్జర్లు చాలు.

ఖర్చే కానివి

డబ్బు బయటికి పోయింది కాబట్టి క్యాపిటలో రెవెన్యూవో ఏదో ఒకటి అయి తీరాలని లేదు. వర్క్‌షాప్ లెక్కల్లో నేను తరచూ చూసే గందరగోళం ఈఎంఐ. లేత్ కోసం రెండు లక్షల లోను, 12 శాతం వడ్డీ, 36 నెలలు అయితే నెలకు 6,643 కట్టాలి. దీన్ని మొత్తంగా "మిషన్ ఈఎంఐ" అనే ఖర్చు ఖాతాలో రాస్తారు. మొదటి నెల అందులో వడ్డీ 2,000, మిగతా 4,643 అసలు. ఆ 2,000 మిషన్ పని మొదలుపెట్టకముందుది కాబట్టి ధరలో కలిసింది. రెండో నెల వడ్డీ 1,954, అది ఖర్చు. అసలు తీర్చిన భాగం మాత్రం ఏ నెలా ఖర్చు కాదు, అప్పు తగ్గడమే. మిషన్ మొత్తం ధరకు తరుగుదల తీసుకుంటూ, అసలును కూడా ఖర్చు రాస్తే ఒకే మిషన్‌ని రెండుసార్లు ఖర్చు చూపినట్టు.

షెడ్డు అడ్వాన్సు కూడా ఇంతే. ఖాళీ చేసేటప్పుడు తిరిగొచ్చే డబ్బు కాబట్టి అది డిపాజిట్, ఖర్చు కాదు. అదే అద్దె షెడ్డులో రేకులు పగిలితే మార్పించడం రెవెన్యూ ఖర్చు. స్టాకు పెట్టుకోవడానికి ఇనుప ఛానెళ్లతో పై అటక కట్టించుకుంటే షెడ్డు మనది కాకపోయినా క్యాపిటల్ ఖర్చే. అద్దెకున్నవాడు చేయించిన అలాంటి పనికి తనే సొంతదారు అన్నట్టుగా తరుగుదల తీసుకునే వీలు పన్ను చట్టం ఇచ్చింది.

టర్నోవర్ మీద 8 శాతం, డిజిటల్ వసూళ్లయితే 6 శాతం లాభంగా చూపించి పన్ను కట్టే అంచనా పద్ధతిలో ఉన్నవాళ్లకు ఈ గొడవంతా పన్ను వరకు వర్తించదు. తరుగుదల కూడా ఆ శాతంలోనే కలిసిపోయినట్టు లెక్క. చిన్న వర్క్‌షాపుల్లో చాలావరకు ఈ పద్ధతిలోకి రాగలవే. అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మిషన్ విలువ ఏటా తరుగుదల పోయినట్టుగానే తగ్గుతూ వస్తుంది. తర్వాత ఎప్పుడైనా మామూలు పద్ధతికి మారితే పాత ధర మీద మళ్లీ మొదటి నుంచి తరుగుదల రాదు.

అమ్మేసిన రోజు

మూడేళ్లు వాడి ఆ లేత్‌ని 2,10,000కి అమ్మేశారనుకుందాం. సరైన లెక్కలో మూడు తరుగుదలలు పోయాక విలువ 1,96,520. అమ్మకం మీద 13,480 లాభం. తప్పు లెక్కలో విలువ 1,47,390, అమ్మకం మీద లాభం 62,610. పన్ను రిటర్న్‌లో ఒకే తరుగుదల రేటున్న యంత్రాలన్నీ కలిపి ఒకే బ్లాకుగా ఉంటాయి కాబట్టి ఈ లాభం విడిగా కనబడకపోవచ్చు, అమ్మిన సొమ్ము బ్లాకు విలువలోంచి తగ్గుతుంది. మనం షాపు పుస్తకాల వరకే చూద్దాం.

సరైన లెక్కలో మూడేళ్ల తరుగుదల 1,23,480, అందులోంచి అమ్మకం లాభం తీసేస్తే 1,10,000. తప్పు లెక్కలో ఖర్చు 80,000, తరుగుదల 92,610, అమ్మకం లాభం తీసేస్తే మళ్లీ 1,10,000. మూడేళ్లలో లేత్‌కి నికరంగా అయిన ఖర్చు ఏ పుస్తకంలో చూసినా ఒకటే. 3,20,000 పెట్టారు, 2,10,000 తిరిగొచ్చింది. ఎలా రాసినా ఆ తేడా మారదు.

ఇది చూపించి "చివరికి అంతా సమానమే కదా" అనే యజమానులున్నారు. ఒకడే యజమాని, మిషన్ అమ్మేదాకా ఉంటాడు, మధ్యలో లోను అడగడు, పన్ను స్లాబు మారదు అంటే నిజమే, సమానమే. కానీ మన లెక్కలో సమాన వాటాలున్న ఇద్దరు భాగస్వాములున్నారు. మొదటి ఏడాది చివర మార్చి 31న ఒకాయన విడిపోయాడనుకోండి. పుస్తక విలువ ప్రకారం లెక్క తేల్చుకుందామని ఇద్దరూ ఒప్పుకున్నారు. తప్పు ఎంట్రీల వల్ల ఆ రోజుకి లాభమూ ఆస్తీ 68,000 తక్కువగా ఉన్నాయి. వెళ్లిపోయిన ఆయన 34,000 తక్కువ తీసుకుని వెళ్తాడు. ఆ డబ్బు రెండో ఏడాదీ మూడో ఏడాదీ లాభంగా, తర్వాత అమ్మకం లాభంగా బయటికొస్తుంది, షెడ్డులో మిగిలినాయన ఖాతాలో.